నలిగిన వెన్ను: అలమర చూసి పుస్తకం చెప్పడం గూర్చి

చదువు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్ళకు ఈమధ్య ఒక కొత్త పని వచ్చిపడింది. పాత విద్యార్థులు తమ గదిలోని పుస్తకాల అలమరకు ఫోటో తీసి ఫోనులో పంపుతారు. కింద ఒకే వాక్యం ఉంటుంది: "ఇవి నా దగ్గర ఉన్నాయి సార్, తర్వాత ఏం చదవమంటారు?" ప్రశ్న చిన్నది. జవాబు కూడా చిన్నదేననుకుని చాలాకాలం పొరబడ్డాను. ఆ పొరపాటువల్ల ఒక అమ్మాయి దాదాపు అయిదు నెలలు పుస్తకం ముట్టుకోలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ వ్యాసం. నాబోటి ఉపాధ్యాయ మిత్రులు మరికొందరు ఇదే పొరపాటు చేస్తూ ఉండవచ్చునని నా అనుమానం.

ఆమె మా కళాశాలలో బి.ఎ. తెలుగు చదివింది. విజయనగరం దగ్గర పల్లెటూరు. చదువు ముగించి విశాఖపట్నంలో ఒక బట్టల దుకాణంలో బిల్లులు వేసే పనికి కుదిరింది. ఉండడం ఆడపిల్లల హాస్టలులో. ఉపాధ్యాయ పరీక్షకు కూడా చదువుకుంటోంది. రెండేళ్ళ క్రితం జూన్‌లో ఒకరాత్రి ఆమె వద్దనుంచి ఫోటో వచ్చింది. గోడలో కట్టిన సిమెంటు అలమర, రెండు అరలు. పై అరలో పది పుస్తకాలు, కింది అరలో తొమ్మిది నిలబెట్టి ఉన్నాయి. వాటిపైన అడ్డంగా పడుకోబెట్టినవి నాలుగు. మొత్తం ఇరవైమూడు. వాటిలో వెన్నుమీది పేరు చదవడానికి వీలైనవి పదహారే.

పై అరలో కనిపించిన పేర్లివి: "మహాప్రస్థానం", గోర్కీ "అమ్మ", "ఏడు తరాలు", "స్పార్టకస్", "చిల్లర దేవుళ్ళు", "కన్యాశుల్కం", రెండు కథా సంకలనాలు. కింది అరలో అయిదు పోటీపరీక్షల పుస్తకాలు, ఒక నిఘంటువు, యండమూరి "తులసిదళం", "విజయానికి ఐదు మెట్లు".

నేను పది నిమిషాలలో జవాబు వ్రాశాను. పై అర చూడగానే నా మనసు నిండింది. "మన అమ్మాయి" అనుకున్నాను. పోరాట సాహిత్యం ఇష్టం, నవల ఇష్టం, అనువాదాలకు బెదరదు అని మూడు ముక్కల్లో ఆమెను తేల్చేశాను. కింది అర పొట్టకూటికోసమనీ, "తులసిదళం" ఒకనాటి పిల్లచేష్ట అనీ పక్కకు నెట్టాను. "మాలపల్లి", "ప్రజల మనిషి", "కొల్లాయిగట్టితేనేమి", "కొలిమంటుకున్నది" మొదలుకొని పద్నాలుగు పేర్లతో జాబితా పంపాను. అందులో తీసిపారేయదగిన పుస్తకం ఒక్కటీ లేదు. ఈనాటికీ ఆ పద్నాలుగింటిని ఎవరికైనా గర్వంగా చూపగలను. తప్పు ఆ పుస్తకాలలో లేదు.

ఆమె "థాంక్స్ సార్" అని బదులిచ్చింది. తర్వాత చడీచప్పుడు లేదు.

నవంబరులో విజయనగరం బస్సుస్టాండులో కనిపించింది. జాబితా సంగతి అడిగాను. మొదట మర్యాదకు, "దాచుకున్నాను సార్" అంది. ఏవి చదివావమ్మా అని పట్టుపట్టి అడిగితే తల వంచుకుని అసలు మాట చెప్పింది. జీతం వచ్చాక సుమారు అయిదు వందలు పెట్టి "మాలపల్లి", "కొల్లాయిగట్టితేనేమి" కొన్నదట. రెంటిలోనూ ముప్పై పేజీలు దాటలేకపోయిందట. "పుస్తకం తెరవడానికే భయం వేసింది సార్. మీరు నన్ను ఏదో అనుకుని చెప్పారు, నేను అంతదాన్ని కాదు, నాకు అసలు చదవడం రాదేమో అనిపించింది" అంది.

ఆ మాట నన్ను నిలువునా కోసింది. డిగ్రీ తరగతిలో మూడేళ్ళు అందరికంటె ఎక్కువ ప్రశ్నలు వేసిన మనిషి చేత "నాకు చదవడం రాదేమో" అనిపించినవాణ్ణి నేను. బస్సు రావడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. టీకొట్టు బల్లమీద కూర్చుని, ఫోనులో ఆ ఫోటోనే మళ్ళీ తీసి, ఒక్కొక్క పుస్తకంమీద వేలు పెట్టి, ఇది నీ దగ్గరికి ఎలా వచ్చిందని అడిగాను. ఆ ముప్పావుగంటలో నేర్చుకున్నదే ఈ వ్యాసంలోని అసలు విషయం.

"మహాప్రస్థానం", "అమ్మ" వ్యాసరచన పోటీలో బహుమతులు. ఇచ్చినవాళ్ళం మేమే. "ఏడు తరాలు", "స్పార్టకస్", "చిల్లర దేవుళ్ళు" పుస్తక ప్రదర్శన జరిగినప్పుడు, మా సాహిత్య బృందంవారి బల్లదగ్గర నేను పక్కన నిలబడి ఉండగా కొన్నవి. "కన్యాశుల్కం" పాఠ్యాంశంగా కొన్నది. కథా సంకలనాలలో ఒకటి వీడ్కోలు సభలో ఇచ్చినది. అంటే పై అరలో నేను చూసి మురిసిపోయిన ఎనిమిదింటిలో ఏడు మా చేతులమీదుగానో, మా పాఠ్యప్రణాళికవల్లనో అక్కడికి చేరినవే. ఆ ఫోటోలో నేను ఆ అమ్మాయిని చూడలేదు. నన్నే చూసుకున్నాను. నా అభిరుచిని ఆమె అలమరలో పెట్టి, దానిని ఆమె అభిరుచిగా చదివి, అదే అభిరుచిని మరో పద్నాలుగు పుస్తకాలుగా ఆమెకు తిరిగి అమ్మజూపాను.

అలమర చూసి పుస్తకం చెప్పేవాడు మొట్టమొదట చేయవలసిన విభజన ఇదే: ఏవి తాను ఎంచుకున్నవి, ఏవి తన దగ్గరికి వచ్చిపడినవి? బహుమతులు, పాఠ్యపుస్తకాలు, పెళ్ళికానుకలు, ఒక సంస్థవారు కట్టగా అమ్మిన పుస్తకాలు పాఠకుని గురించి చెప్పేది తక్కువ, ఇచ్చినవారి గురించి చెప్పేది ఎక్కువ. ఫోటోలో కూడా ఈ తేడాకు కొన్ని ఆనవాళ్ళుంటాయి. ఒకే ప్రచురణసంస్థ పుస్తకాలు నాలుగైదు వరసగా, ఒకే ఎత్తున, ఒకే కొత్తదనంతో నిలబడి ఉంటే అవి ఒకేరోజు వచ్చాయని అనుమానించాలి. తెలుగులో మన అట్టపుస్తకాలు చాలావరకు జిగురుతో అతికించినవి. వాటిని చివరిదాకా చదివితే వెన్నుమీద తెల్లటి మడతగీతలు పడతాయి. మొదటి మూడోవంతు దగ్గరే గీత ఉండి మిగతా వెన్ను నున్నగా ఉంటే చదువు అక్కడ ఆగిందన్నమాట. ఫోటోను పెద్దది చేసి చూస్తే ఆ అమ్మాయి "అమ్మ"కు గీత ఒక్కటీ లేదు. "ఏడు తరాలు"కు నిండా ఉన్నాయి. "స్పార్టకస్"కు మొదట్లో ఒకటి. జూన్‌లో కూడా ఇవి ఆ ఫోటోలో ఉన్నాయి. నేనే చూడలేదు. పేర్లు చదివేవాడికి గీతలు కనబడవు.

ఇక పేరు చదవడానికి వీలులేని ఏడు పుస్తకాల సంగతి. నేను వాటిని లెక్కలోకే తీసుకోలేదు. కనిపించనివాటి గురించి ఏం చెప్పగలం అనుకున్నాను. కాని వెన్నుమీది అక్షరాలు ఎందుకు కనిపించవో ఆలోచిస్తే ఆ కారణాలే కొంత చెబుతాయి. పలుచటి పుస్తకానికి, నడుమ పిన్ను కొట్టిన పుస్తకానికి అసలు పేరు వేసేటంత వెన్ను ఉండదు. కవితా సంపుటాలు, కరపత్రాలు, పత్రికల ప్రత్యేక సంచికలు, పాటల పుస్తకాలు ఇందువల్ల ఫోటోలో మాయమవుతాయి. లావుపాటి నవలలే నిలబడి సాక్ష్యం చెబుతాయి. కనుక ఏ అలమర ఫోటో చూసినా దాని యజమాని నవలాప్రియుడిగానే కనిపిస్తాడు. ఇంకొక కారణం దీనికంటె ముఖ్యమైనది. ఎక్కువసార్లు చదివిన పుస్తకానికి వెన్ను ఊడిపోతుంది. దానికి టేపు అతికిస్తారు, కాలెండరు కాగితంతో అట్ట వేస్తారు. కాబట్టి ఫోటోలో పేరు కనబడని పుస్తకమే ఆ మనిషికి అన్నిటికంటె దగ్గరిదయ్యే అవకాశం ఉంది.

పై అరలో అలాంటిది ఒకటుంది. వెన్ను లేచిపోయి, గోధుమరంగు టేపు అతికించి ఉంది. ఏమిటమ్మా అది అన్నాను. "అల్పజీవి సార్. నాలుగుసార్లు చదివాను" అంది. ఎందుకని అడిగితే కాసేపు ఆలోచించి, "సుబ్బయ్య మా నాన్నే సార్" అంది.

ఆమె తండ్రి ఒక జనపనార మిల్లులో గుమాస్తాగా పనిచేశాడు. ఆ మిల్లు మూతబడింది. తర్వాత ఆయన అప్పులవాళ్ళకు భయపడి వీధి అరుగుమీదకు రావడం మానేశాడట. తలుపు చప్పుడైతే లోపలి గదిలోకి వెళ్ళేవాడట. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి "అల్పజీవి"లో సుబ్బయ్య భయమే ఊపిరిగా బతికే చిరుద్యోగి. పై అధికారి భయం, కాంట్రాక్టరు భయం, ఇంట్లో భయం. రచయిత ఆ భయాన్ని బయటినుంచి వర్ణించడు. సుబ్బయ్య తలలో మాటలు ఎలా తిరుగుతాయో అలాగే పేజీమీద తిప్పుతాడు. పైగా ఆ నవలలో నవ్వు ఉంది. ఆ నవ్వు సుబ్బయ్యను చిన్నబుచ్చదు. తండ్రిని చూసి ఊళ్ళోవాళ్ళు నవ్విన నవ్వుకూ, ఈ రచయిత నవ్వుకూ తేడా ఉందని ఆ అమ్మాయి కనిపెట్టింది. ఎం.ఎ.లో ఆ నవలమీద మేం వ్రాసిన సమాధానాలలో ఈ మాట లేదు.

కింది అరలో కాలెండరు అట్టవేసిన పుస్తకం పుస్తకమే కాదు. అది తండ్రి అప్పుల పద్దు. ఎవరికెంత, ఏ తేదీన, వడ్డీ ఎంత అన్నది ఆయన దస్తూరీలో ఉంది. ఆయన పోయాక ఆమె దానిని పరీక్ష పుస్తకాల పక్కన పెట్టుకుంది. అడ్డంగా పడుకోబెట్టిన నాలుగింటిలో రెండు పత్రికల ప్రత్యేక సంచికలు, ఒకటి పాటల పుస్తకం, ఒకటి గ్రంథాలయంనుంచి తెచ్చిన నామిని "పచ్చనాకు సాక్షిగా". తిరిగి ఇచ్చేయవలసిన పుస్తకాన్ని ఎవరూ వరసలో నిలబెట్టరు. ఆ రోజుల్లో ఆమె నిజంగా చదువుతున్నది అదొక్కటే.

ఇప్పుడు ప్రక్రియ మాటకు వద్దాం. అలమర చూడగానే మనం ప్రక్రియలుగా విడగొడతాం: పోరాట నవల, మనస్తత్వ నవల, చారిత్రక నవల, భయానక నవల, వ్యక్తిత్వ వికాసం. మన అభ్యుదయ విమర్శలో పెరిగినవాళ్ళకు మరో అలవాటు కూడా ఉంది. వస్తువునుబట్టి పుస్తకాలను కట్టలు కడతాం. బానిసల తిరుగుబాటు, కార్మికుల సమ్మె, రైతుల పోరాటం అన్నీ ఒక కట్ట. కాని చదివేవాడు ఆ కట్టను ఒకేవిధంగా ఇష్టపడడు. ఈ అలమరలో ఉన్న మూడు అనువాదాలనే చూడండి. "అమ్మ"లో ముఖ్యమైనది ఒక మనిషి చైతన్యం మెల్లగా మేలుకోవడం. భయంతో బతికిన తల్లి కొడుకు మాటలు విని, అర్థం చేసుకుని, తానే కార్యకర్త అవుతుంది. సహవాసి సంక్షిప్తంగా తెనిగించిన "ఏడు తరాలు"ను నడిపేది వంశం. కుంటా కింటే తర్వాత ఎవరు, ఆ బిడ్డ ఏమైంది అన్న ఆరాటమే పేజీ తిప్పిస్తుంది. హోవర్డ్ ఫాస్ట్ 1951లో ప్రచురించిన "స్పార్టకస్" కథ చాలాభాగం తిరుగుబాటు అణగిపోయాక, రోమన్ దొరల జ్ఞాపకాల మీదుగా ముందువెనుకలుగా నడుస్తుంది. వస్తువు దృష్టితో ఈ మూడూ అన్నదమ్ములు. చదివే అనుభవంలో మూడూ మూడు ఊళ్ళు. ఆ అమ్మాయి "ఏడు తరాలు"ను రెండు రాత్రుల్లో పూర్తిచేసి, "స్పార్టకస్"ను ఎవరు ఎప్పటి సంగతి చెబుతున్నారో తెలియక మధ్యలో వదిలేసింది. ఈ ఒక్క సంగతి నాకు ముందు తెలిసి ఉంటే జాబితాలో సగం పేర్లు వ్రాసేవాణ్ణి కాదు.

గ్రంథపాలకులకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. 1931లో యస్.ఆర్. రంగనాథన్ చెప్పిన అయిదు సూత్రాలలో రెండవది పాఠకుని వైపునుంచి, మూడవది పుస్తకం వైపునుంచి చూస్తాయి. నాలుగవది పాఠకుని కాలాన్ని వృథా చేయరాదంటుంది. అమెరికాలో జాయిస్ సారిక్స్, నాన్సీ బ్రౌన్ అనే ఇద్దరు 1989లో గ్రంథాలయాలకు వచ్చేవారికి పుస్తకాలు సూచించే పనిమీదనే ఒక పుస్తకం ప్రచురించారు. వస్తువును, ప్రక్రియను బట్టి కాక, పుస్తకం మనిషిని పట్టుకునే గుణాలను బట్టి సూచించాలన్నది వారి వాదం. నడక వేగమా నిదానమా, మనుషులను లోపలినుంచి చూపుతుందా బయటినుంచా, కథ ఎలా సాగుతుంది, చుట్టూ ఉన్న వాతావరణం ఎలాంటిది అన్నవి ఆ గుణాలు. ఇది రూపవాదమని కొందరు మిత్రులు పెదవి విరవవచ్చు. కాని వస్తువు పాఠకునిలోకి వెళ్ళేది ఈ ద్వారాలగుండానే. ద్వారం మూసి ఉంటే లోపలి ధాన్యం ఎంత మంచిదైనా ఏం లాభం?

ఈ దృష్టితో చూస్తే నేను ఎగతాళిగా పక్కకు నెట్టిన "తులసిదళం" కూడా సాక్ష్యం చెబుతుంది. చేతబడికీ వైద్యానికీ మధ్య పాఠకుణ్ణి ఊగించే ఆ నవల భావాలతో నాకు పేచీ ఉంది, ఇప్పటికీ ఉంది. అయితే ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో అంత లావు పుస్తకాన్ని ఆపకుండా చదవగలనని ఆమెకు మొదట రుజువు చేసింది అదే. వేగం ఆమెకు అలవాటైన ద్వారం. "విజయానికి ఐదు మెట్లు" ఉద్యోగం లేని ఏడాదిలో అన్నయ్యవరసవాడు ఇచ్చాడట. దానిలో గీతలు రెండో అధ్యాయంతో సరి.

ఆ తరువాత మూడు ప్రశ్నలు అడిగాను. ఇప్పుడు ఎవరు ఫోటో పంపినా ముందు ఈ మూడూ అడుగుతాను. ఏ పుస్తకం రెండోసారి చదివావు? ఏ పుస్తకం ఎక్కడ ఆపావు? రోజులో ఎప్పుడు, ఎంతసేపు చదువుతావు? మొదటిది ఇష్టాన్ని చెబుతుంది. రెండవది ద్వారం ఎక్కడ మూసుకుందో చెబుతుంది. మూడవ ప్రశ్నను మనం చాలామందిమి అడగం. దానికి ఆమె చెప్పిన జవాబు ఇది: దుకాణంనుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. తిండి, పరీక్ష చదువు అయ్యాక పడుకునేముందు అరగంట. గదిలో నలుగురు, ఒకే దీపం. ఆ అరగంటలో పది పేజీలు సాగితే గొప్ప. వారానికి అయిదు రాత్రులు కుదిరినా యాభై పేజీలు. ఈ లెక్కన ఆరువందల పేజీల నవల పూర్తికావడానికి పన్నెండు వారాలు పడుతుంది. నిదానంగా మొదలై, యాభై అరవై పేజీలకు గాని బిగువు రాని నవలను ఆ మనిషి చేతిలో పెడితే మొదటివారమంతా ఆమెకు దక్కేది ఉపోద్ఘాతమే. "మాలపల్లి" ముప్పైయో పేజీలో ఆగిపోవడం ఆమె అసమర్థత కాదు, ఉన్నవవారి లోపమూ కాదు. రోజుకు అరగంట మాత్రమే మిగిల్చే ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకోని నా తెలివితక్కువతనం. శ్రమగంటల గురించి తరగతిలో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, ఆ గంటలు చదువును ఎలా కోస్తాయో లెక్కవేయలేకపోయాను.

ఇక తరువాతి పుస్తకం. ప్రక్రియ ప్రకారమైతే జవాబు సులభం. "అల్పజీవి" మనస్తత్వ నవల కనుక గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర", బుచ్చిబాబు "చివరకు మిగిలేది", నవీన్ "అంపశయ్య" చదవమనవచ్చు. మూడూ మంచి నవలలే. కాని నాలుగుసార్లు సుబ్బయ్య తలలో తిరిగివచ్చిన మనిషిని మళ్ళీ మరొకరి తలలోకి పంపడం మేలా? ఆమెకు సుబ్బయ్య భయం ఎలా ఉంటుందో తెలిసిపోయింది. తెలియనిదల్లా, ఆ భయం ఎక్కడ తయారైంది అన్నది. ఆ ప్రశ్న ఆమె నోటితో అనలేదు, కాని పద్దుపుస్తకాన్ని పారేయకుండా దాచుకోవడంలో ఆ ప్రశ్న ఉంది.

నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. తర్వాతి పుస్తకం మునుపటి ఇష్టమైన పుస్తకంతో ఒకటి రెండు విషయాలలో కలవాలి, ఒక్క ముఖ్యమైన విషయంలో విడిపోవాలి. అన్నీ కలిస్తే చదివిందే మళ్ళీ చదివినట్లు. అన్నీ విడిపోతే కాలు ఆనదు. ఆమెకు కలవవలసినవి ఉత్తరాంధ్ర నేల, అప్పు, మనుషులు మాట్లాడే భాష. విడిపోవలసింది చూపు. ఒక మనిషి తలలోంచి గాక ఊరు మొత్తాన్ని చూపే చూపు కావాలి. పైగా వారం పదిరోజుల అరగంటల్లో ముగియాలి. ఇవన్నీ వరసగా చెప్పుకున్నాక పేరు దానంతటదే వచ్చింది: కాళీపట్నం రామారావుగారి "యజ్ఞం".

నవల కాదు, పెద్దకథ. ఆమె అలమరలో ఏ ప్రక్రియ చూసినా ఈ పేరు తట్టదు. కాని "అల్పజీవి" ఆగిన చోటనుంచి ఇది నడుస్తుంది. అప్పల్రాముడి అప్పుమీద పంచాయతీ జరుగుతుంది. అందరూ న్యాయంగానే మాట్లాడతారు. ప్రెసిడెంటు శ్రీరాములునాయుడు మంచివాడు కూడాను. ఊరికి రోడ్డు, బడి, అభివృద్ధి అన్నీ వచ్చాయి. వాటితోపాటే అప్పు ఎలా వచ్చింది, మంచివాళ్ళ న్యాయంలో అది ఎలా బిగుసుకుంది అన్నది కథ. సుబ్బయ్య గుండెలో దడ మాత్రమే మనం విన్నాం. ఆ దడ పుట్టించే యంత్రాన్ని ఈ కథ విప్పి చూపుతుంది. ఒక హెచ్చరిక కూడా చేశాను. "ఇది తొందరపడని కథ అమ్మా. ఊరి చరిత్ర, పెద్దల మాటలు చాలాసేపు నడుస్తాయి. నీకు వేగం అలవాటు. మొదటి రెండు రాత్రులు ఓపిక పట్టు. మూడోరాత్రికీ పట్టకపోతే మూసేయ్, తప్పు నాది." ఎక్కడ విసుగు పుడుతుందో ముందే చెప్పి, మూసేసే హక్కు ఇవ్వడం పుస్తకం చెప్పడంలో సగం పని. జూన్‌లో నేను ఆ హక్కు ఇవ్వలేదు. పద్నాలుగు పేర్ల జాబితా ఎవరికీ ఇవ్వదు కూడా. జాబితా అప్పుపత్రం లాంటిది. తీర్చలేనివాడికి సిగ్గే మిగులుతుంది.

కథ ఉన్న "యజ్ఞంతో తొమ్మిది" సంపుటి నా దగ్గరిదే పంపాను. పన్నెండురోజులకు ఫోను చేసింది. ముగింపు చదివాక దీపం తీసేసి చాలాసేపు నిద్రపట్టలేదని చెప్పింది. నేను పొంగిపోబోతూ ఉండగా మరోమాట అంది: "సార్, అప్పుసంగతి మగవాళ్ళంతా రచ్చబండ దగ్గర తేల్చుకున్నారు. మా ఇంట్లో ఆ పద్దు ప్రకారం ఏ రోజు బియ్యం తగ్గించాలో మా అమ్మ తేల్చేది. ఆ లెక్క ఎవరైనా రాశారా?"

ఇది విమర్శ. కారా మాస్టారు బతికి ఉంటే విని సంతోషించేవారనే అనుకుంటాను. ఆయన 2021లో కన్నుమూశారు. కథలన్నిటినీ ఒకచోట చేర్చి పాఠకులకు అందించాలని 1997లో శ్రీకాకుళంలో "కథానిలయం" పెట్టిన మనిషి, తన కథలో ఏది లేదని పాఠకురాలు అడిగితే నొచ్చుకుంటారా?

ఆ ప్రశ్నకు ఈసారి నేను తడుముకోలేదు. ఎందుకంటే అడిగింది ఫోటో కాదు, మనిషి. విజయనగరంవారే అయిన చాసో కథ "వాయులీనం" పేరు చెప్పాను. జబ్బుపడ్డ భార్య మందులకు డబ్బు కావలసివచ్చి ఆమె వాయించే ఫిడేలు అమ్మేస్తాడు భర్త. చాలా చిన్న కథ, ఒక్క అరగంట చాలు. ఇక్కడ వడ్డీ లేదు, పంచాయతీ లేదు. లేమి ఇంట్లోకి వచ్చినప్పుడు ముందుగా ఏది అమ్ముడుపోతుందో, ఎవరిది అమ్ముడుపోతుందో ఉంది. ఆ తర్వాత గోగు శ్యామల కథలు, "ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం". అయితే ఈ రెండో పేరు వెంటనే చెప్పలేదు. మొదటిది చదివి ఆమె ఏమంటుందో విన్నాకనే చెప్పాను. ఒకసారికి ఒక పుస్తకం; దానిమీద ఆమె మాట; ఆ మాటనుంచి మరో పుస్తకం. ఈ పద్ధతిలో ఏడాదిన్నరలో ఆమె చదివినవి పదకొండు. నా జూన్ జాబితాలోవి వాటిలో మూడున్నాయి. మూడవది "మాలపల్లి". పరీక్ష అయిపోయి సెలవుమీద ఇంటికి వెళ్ళినప్పుడు, రోజంతా తనదైన పన్నెండు రోజుల్లో పూర్తిచేసింది. అదే పుస్తకం, అదే మనిషి. మారింది కాలం.

వట్టికోట ఆళ్వారుస్వామి తన దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలను సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారని పెద్దలు చెబుతారు. గుమ్మంలో నిలబడి మనిషిని చూస్తూ పుస్తకం తీసేవాడికి, ఫోటో చూసి పేర్లు పంపే నాకూ ఉన్న దూరమేమిటో ఇప్పుడు అర్థమైంది. గుమ్మం దగ్గర నిలబడినవాడికి ఇంట్లో దీపం ఎన్నింటికి ఆరుతుందో తెలుస్తుంది. ఫోటోలో దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

ఫోటో పనికిరాదని నేను అనడంలేదు. ఎక్కడ ప్రశ్న మొదలుపెట్టాలో అది చూపుతుంది. అయితే మనం చదవవలసింది మెరిసే పేర్లను కాదు, మడతలను. నిలబడినవాటిని మాత్రమే కాదు, పడుకున్నవాటిని. అన్నిటికంటె ముందు, ఆ అరలో మనం పెట్టిన పుస్తకాలు ఏవో గుర్తుపట్టి లెక్కలోంచి తీసేయాలి. మొన్న ఆమె మరో ఫోటో పంపింది. ఉద్యోగం మారలేదు, అలమర అదే. పై అరలో రెండుచోట్ల సందులున్నాయి. "అమ్మ", "ఏడు తరాలు" కనబడలేదు. దుకాణంలో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు పట్టుకువెళ్ళారట. "వాళ్ళు తర్వాత ఏం చదవాలో అడుగుతున్నారు సార్, ఏం చెప్పమంటారు?" అంది.

ముందు వాళ్ళు రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతారో అడగమని చెప్పాను.